మీ విజిటింగ్ కార్డు వెనకవైపు రాసిన హోదాకు ఎవరు బాధ్యులు?

గోదావరి జిల్లాల రొయ్యల ఎగుమతి సంస్థల యాజమాన్యాలకు, ఎగుమతిదారుల సంఘాల బాధ్యులకు,



2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన రోజు నుంచి మీరంతా ఒకటే మాట చెబుతున్నారు. ఒక్క అమెరికాను నమ్ముకుని ఉంటే కుదరదు, చైనా, జపాన్, కొరియా, యూరప్ కొనుగోలుదారుల దగ్గరికి మనమే వెళ్లాలి అంటున్నారు. ఆ సుంకం తర్వాత ఎన్ని మలుపులు తిరిగినా మీ మాటలో నిజం ఉంది. చింగ్‌దావ్‌లో, టోక్యోలో జరిగే ప్రదర్శనలకు వెళ్లడానికి లక్షలు ఖర్చు పెడుతున్నారు. స్టాలుకు, శాంపిళ్లకు, ప్రయాణాలకు ఖర్చు పెట్టేటప్పుడు వెనకాడటం లేదు. విజిటింగ్ కార్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, బయలుదేరే ముందు రోజు సాయంత్రం భీమవరంలోనో రాజమండ్రిలోనో ఒక ప్రెస్సుకు ఇంగ్లీషు కార్డు పంపించి, వెనకవైపు వాళ్ల భాషలో కొట్టించమని చెప్పి ఊరుకుంటున్నారు. అదేమిటని అడిగితే, కార్డుదేముందండీ, పేరు కనిపిస్తే చాలు కదా అంటున్నారు.

ఆ మాటను నేను ఒప్పుకోలేను. ఎగుమతి సంస్థల ఉత్తరాలు, పత్రాలు అనువదించడం నా వృత్తి. కార్డు మీద హోదా తప్పుపడితే ఆ తప్పు పేరు దగ్గర ఆగదనీ, బేరంలోకి, కాంట్రాక్టులోకి, చివరికి చెరువు గట్టు మీద రైతుకు చెప్పే రేటులోకి దిగుతుందనీ దగ్గరుండి చూసినందువల్ల మీకు ఈ లేఖ రాస్తున్నాను.

ముందు చైనా సంగతి చూడండి. మన ప్లాంటుల్లో జనరల్ మేనేజర్ అంటే ఎవరు? ప్రాసెసింగ్ హాలు, కూలీల షిఫ్టులు, ఫ్రీజర్లు, ఐసు, కంటైనర్ లోడింగ్ చూసుకునే అనుభవజ్ఞుడైన ఉద్యోగి. ఆయన మీద ఎండీ ఉంటారు, ఎండీ పక్కన ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లు ఉంటారు. మన దేశంలోనే ఈ హోదా ఒక్కోచోట ఒక్కో ఎత్తున ఉంది. దక్షిణ మధ్య రైల్వే జోన్ మొత్తానికి అధిపతి జనరల్ మేనేజర్, జిల్లా పరిశ్రమల కేంద్రానికి అధిపతీ జనరల్ మేనేజరే. మనకు సందర్భం తెలుసు కాబట్టి తికమక పడం. చైనావాడికి ఆ సందర్భం తెలియదు. జనరల్ మేనేజర్‌ను చైనీస్‌లోకి పదానికి పదంగా మారిస్తే వచ్చేది ‘జొంగ్ జింగ్‌లీ’. చైనాలో ఆ హోదా ఉన్నవాడు బోర్డు నియమించే, కంపెనీ నిర్వహణ మొత్తానికి పెద్ద. చాలా కంపెనీల్లో చట్టం దృష్టిలో కంపెనీ తరఫున నిలబడే ప్రతినిధిగా నమోదయ్యేదీ ఆయనే. మన లెక్కలో చెప్పాలంటే ఆయన ఎండీ.

మన డెల్టాకు చెందిన ఒక సంస్థకు ఏం జరిగిందో చెబుతాను. పేరు అనవసరం. చైనాలో ఒక ప్రదర్శనకు ఎండీ గారు, ప్రొడక్షన్ జనరల్ మేనేజర్ గారు కలిసి వెళ్లారు. ఇద్దరి కార్డుల వెనకవైపూ ప్రెస్సులోనే తయారైంది. ఉద్యోగికి ‘జొంగ్ జింగ్‌లీ’ అని పడింది. యజమానికి ‘మేనేజింగ్’, ‘డైరెక్టర్’ అనే రెండు మాటలనూ విడివిడిగా నిఘంటువులో వెతికి అతికించినట్టున్న ఒక హోదా పడింది. అది బోర్డులో ఒక సభ్యుడు అన్నట్టు ఉందే తప్ప సంస్థకు పెద్ద అన్నట్టు లేదు. కొనుగోలుదారు రెండు కార్డులూ చదివి, ఉద్యోగి ఎదురుగా కూర్చున్నాడు. ఇంటిపేరుకు ‘జొంగ్’ చేర్చి గౌరవంగా పిలిచాడు. హెడ్‌లెస్ సరుకు ఏ కౌంట్‌లో ఎంత ఇవ్వగలరు, గ్లేజు ఎంత శాతం, మొదటి కంటైనర్ ఎప్పుడు అని వరసగా ఆయననే అడిగాడు. ప్లాంటు సామర్థ్యం గురించి అడుగుతున్నారనుకుని ఆయన చేయగలమన్నారు. రేటు విషయంలోనూ మర్యాద కోసం, చూద్దాం, ఇబ్బంది ఉండదు అన్నారు. సంస్థ పెద్దే ఒప్పుకున్నాడని అవతలివాడు రాసుకున్నాడు. తిరిగొచ్చాక ఎండీ గారు వేరే రేటుతో మెయిలు పెట్టారు. కింది హోదాలో ఉన్నవాడు పైవాడి మాటను కాదంటున్నట్టు అవతలివాళ్లకు కనిపించింది. రెండు మెయిళ్ల తర్వాత జవాబులు ఆగిపోయాయి.

ఇందులో ఎవరు అబద్ధం చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కానీ ఆ కార్డు చెప్పింది. దాన్ని చదివి చూడమని సంస్థలో ఎవరికీ అప్పగించకపోవడం ఎవరి తప్పు? ప్రెస్సులో కంపోజింగ్ చేసే కుర్రాడిదా?

ఆ ఉద్యోగి కార్డు మీద ఉండాల్సిన మాట ‘ఛాంగ్‌జాంగ్’. ఫ్యాక్టరీకి పెద్ద అని అర్థం. ఆ మాట చూస్తే చైనావాడు ఫ్రీజర్ సామర్థ్యం గురించి ఆయనను అడుగుతాడు, రేటు గురించి అడగడు. ‘జొంగ్ జింగ్‌లీ’ అన్నది ఎండీ గారి కార్డు మీదికి వెళ్లాలి. డిప్యూటీ జనరల్ మేనేజర్‌కు కూడా ఇదే జాగ్రత్త కావాలి. పదానికి పదం మారిస్తే ఆయన కంపెనీలో రెండో స్థానంలో ఉన్నవాడవుతాడు.

జపాన్‌లో తప్పు ఇంకో దారిలో వస్తుంది. అక్కడ ఉద్యోగిని పైకెత్తడం కన్నా యజమానిని కిందికి దించడం ఎక్కువ. జపాన్ కంపెనీల్లో నిర్వహణ మొత్తానికి పెద్ద ‘షాచో’. ఆయన కింద ‘సెన్ము’, ఆ కింద ‘జోము’. ఈ జోము హోదాను జపాన్ కంపెనీలు తమ ఇంగ్లీషు కార్డుల మీద చాలాకాలంగా మేనేజింగ్ డైరెక్టర్ అని రాసుకుంటున్నాయి. అందువల్ల మన కార్డు మీది మేనేజింగ్ డైరెక్టర్‌ను నిఘంటువు చూసి జపనీస్‌లోకి తిప్పేవాడికి ‘జోము తోరిషిమారియకు’ అనే దొరుకుతుంది. సంస్థను స్థాపించి, బ్యాంకు అప్పులకు సొంత ఆస్తి హామీ పెట్టిన మనిషి ఆ కార్డుతో రెండు మూడు మెట్లు కింద నిలబడతాడు. మన ఎండీకి సరిపోయే మాట ‘దైహ్యో తోరిషిమారియకు షాచో’, అంటే కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న డైరెక్టరూ, సంస్థకు అధ్యక్షుడూ అని.

ఈ మాటను కూడా ఊరికే వాడకూడదు. జపాన్‌లో ‘తోరిషిమారియకు’ మర్యాద కోసం ఇచ్చే పేరు కాదు, చట్టంలో ఉన్న పదవి. ఆ పదవిలో ఎవరున్నారో కంపెనీల రిజిస్టరులో నమోదవుతుంది, రుసుము కట్టి ఎవరైనా చూసుకోవచ్చు. సంతకాధికారం లేని డైరెక్టర్‌కు షాచో లాంటి పేరు తగిలించి తిప్పితే, అది నమ్మి వ్యవహారం నడిపిన బయటివాడికి కంపెనీయే జవాబుదారీ అని ఆ దేశపు కంపెనీల చట్టం 354వ అధికరణ చెబుతుంది. అది వాళ్ల కంపెనీలకు రాసుకున్న నిబంధనే. కానీ అలాంటి చట్టం కింద వ్యాపారం నేర్చుకున్నవాడు మీ కార్డును ఎలా చదువుతాడో ఆలోచించండి.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? అబ్బాయి చదువు పూర్తిచేసుకుని రాగానే కార్డు మీద డైరెక్టర్, మార్కెటింగ్ అని వేయిస్తున్నాం. బోర్డులో ఆయన ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తేల్చుకోవడం కష్టం కాదు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ రికార్డులో మీ కంపెనీ పేరు కింద డైరెక్టర్ల జాబితా ఉంటుంది. అందులో ఆయన పేరు ఉంటేనే జపనీస్ కార్డు మీద ‘తోరిషిమారియకు’ రాయండి. లేకపోతే అమ్మకాల విభాగం అధిపతి అనే అర్థం వచ్చేలా ‘ఎయిగ్యో బుచో’ అని రాస్తే హుందాగా ఉంటుంది, నిజమూ అవుతుంది.

మీలో చాలామందివి భాగస్వామ్య సంస్థలు. అక్కడ కంపెనీ లేదు, బోర్డు లేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద నడిచే సంస్థకు మేనేజింగ్ పార్ట్‌నర్‌గా ఉన్నవారి కార్డు మీద ‘తోరిషిమారియకు’ అని వేస్తే లేని కంపెనీని ఉన్నట్టు చూపినట్టే. రేపు కాంట్రాక్టు మీద, బ్యాంకు పత్రాల మీద భాగస్వామి అని సంతకం పెట్టేటప్పుడు రెండూ కలవవు. భాగస్వామికి ‘క్యోదో కేయీషా’ అనే మాట ఉంది. ఒక్కరే యజమానిగా ఉన్న సంస్థకు ‘దైహ్యో’ చాలు. వీటిలో చిన్నతనమేమీ లేదు. ఏ మాటకు సంతకం నిలబడుతుందో ఆ మాట కార్డు మీద ఉండటమే గౌరవం.

ఇక మన టెక్నాలజిస్టుల సంగతి. ఇది రైతుకు నేరుగా తగిలే విషయం కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు మీ దృష్టి కోరుతున్నాను. ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ కౌన్సిల్ ఆమోదం ఉన్న ప్రతి ప్లాంటులోనూ అర్హత ఉన్న టెక్నాలజిస్టులు ఉండాలి. ముడిసరుకు తీసుకోవడం నుంచి ప్యాకింగ్ దాకా పరిశుభ్రత, ఉష్ణోగ్రత, అవశేషాల పరీక్షల రికార్డులు వాళ్ల చేతుల మీదుగా నడుస్తాయి. సీఫుడ్ రంగంలో టెక్నాలజిస్టు అంటే ఎవరో కొచ్చి నుంచి కాకినాడ దాకా అందరికీ తెలుసు. ఆ మాటను జపనీస్‌లోకి తిప్పితే ‘గిజుత్సుషా’ అవుతుంది. యంత్రాలు చూసే సాంకేతిక నిపుణుడు అని వాళ్లు అర్థం చేసుకుంటారు. సమావేశంలో ఆయన ఎదురుగానే కూర్చున్నా ఒక్క ప్రశ్న కూడా అడగరు. జపాన్‌వాళ్లు తీసుకున్న కార్డులను బల్ల మీద, మనుషులు కూర్చున్న వరసలోనే పేర్చుకుంటారు. ఏ ప్రశ్న ఎవరిని అడగాలో ఆ వరస చూసి నిర్ణయించుకుంటారు. నాణ్యతకు జవాబు చెప్పే మనిషి వాళ్ల వరసలో కనిపించకపోతే, ఈ సంస్థలో అలాంటివాళ్లు లేరని రాసుకుపోతారు.

2012 మీలో చాలామందికి గుర్తుండాలి. చేపపొడి, మేత చెడిపోకుండా కలిపే ఎథాక్సిక్విన్ అవశేషం మన రొయ్యల్లో ఉందంటూ జపాన్ పరీక్షలు బిగించింది. అప్పుడు అక్కడి పరిమితి 0.01 పీపీఎం. మన ప్రభుత్వం, ఎంపెడా, ఎగుమతిదారులు వాదించాక 2014లో దాన్ని 0.2 పీపీఎంకు పెంచారు. మధ్యలోని ఆ కాలంలో ప్రతి లాటూ ఒక ప్రశ్నే. మేత ఏ కంపెనీది, ఏ చెరువులోది, పరీక్ష ఎవరు చేశారు అని కొనుగోలుదారు అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పగలిగింది ఎవరు? ఎండీ కాదు, మార్కెటింగ్ డైరెక్టర్ కాదు. టెక్నాలజిస్టు. మళ్లీ అలాంటి రోజు వస్తే, ఆ మనిషి కార్డు కొనుగోలుదారు దగ్గర మెకానిక్ పేరుతో ఉండాలా?

ఆయనకు సరైన మాట ‘హిన్‌షిత్సు కన్రి సెకినిన్‌షా’, నాణ్యత నియంత్రణకు బాధ్యుడు అని. విభాగం పేరు కూడా చూసుకోండి. జపాన్‌లో నాణ్యత ‘కన్రి’ వేరు, నాణ్యత ‘హోషో’ వేరు. మొదటిది ప్లాంటు లోపల తయారీని అదుపులో పెట్టే పని. రెండోది కొనుగోలుదారుకు హామీ ఇచ్చి, ఫిర్యాదు వస్తే జవాబు చెప్పే పని. మన కార్డుల మీద క్యూసీ, క్యూఏ అని ఎలా తోస్తే అలా వేస్తున్నాం. మీ ప్లాంటులో ఫిర్యాదు వచ్చిన రోజు మెయిలు రాసేది ఎవరు? ‘హోషో’ ఆయన కార్డు మీద ఉండాలి. ఇద్దరే పనిచేసే ఎగుమతుల గదికి ‘బు’ అని వేస్తే మీకొక పెద్ద విభాగం, దానికొక బుచో, కింద కచోలు ఉన్నారని అనుకుంటారు. ‘తాంతో’ అని వేస్తే ఆ పని చూసే మనిషి అని అర్థమవుతుంది, అది చాలు.

హోదా తర్వాత పేరు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు సంస్థల్లో అన్నదమ్ములూ వాళ్ల పిల్లలూ కలిసి వ్యాపారం చేస్తారు. ముగ్గురి కార్డుల మీదా ఇంటిపేరు ఒక అక్షరం, సొంతపేరు మూడు అక్షరాలు, చివర రాజు అని ఉంటుంది. జపాన్‌వాడికి పూర్తిగా కనిపించేది ఆ చివరి మాట ఒక్కటే. ముగ్గురూ రాజు సాన్ అవుతారు. టోక్యో నుంచి వచ్చే మెయిలు ఏ రాజు గారికో ఎవరికీ తెలియదు. మనమూ జపాన్, చైనావాళ్ల లాగే ఇంటిపేరును ముందు పెట్టేవాళ్లం. దాన్ని ఒక అక్షరంలో దాచేయకుండా పూర్తిగా రాయండి. పిలిచే పేరును కొంచెం పెద్ద అక్షరాల్లో పెట్టండి. కార్డు ముందువైపు ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం పాస్‌పోర్టులో, కాంట్రాక్టులో ఉన్నట్టే ఉంచండి.

జపనీస్ అక్షరాల్లో పేరు రాయించేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు ఇవ్వకండి, తెలుగులో రాసిచ్చి చదివి వినిపించండి. రాజులోని దీర్ఘం ఇంగ్లీషులో కనపడదు, జపనీస్ లిపిలో దీర్ఘానికి గుర్తు ఉంది. ల, ర తేడా మాత్రం అక్కడ నిలవదు, రెంటికీ ఒకటే అక్షరం. ఇంకొక మాట. శ్రీ, గారు లాంటివి వెనకవైపుకు తీసుకెళ్లకండి. వాటి బదులు ‘సాన్’, ‘సామా’ పెట్టించడం ఇంకా పొరపాటు, ఆ మాటలు ఎదుటివాడికి ఇచ్చేవే గానీ తమకు తాము పెట్టుకునేవి కావు. అక్కడ హోదాయే గౌరవవాచకంగా పనిచేస్తుంది. హోదా సరిగ్గా రాస్తే గౌరవం దానంతట అదే వస్తుంది.

ఇవన్నీ చూసుకున్నా ప్రెస్సులో ఒక ప్రమాదం మిగులుతుంది. చైనీస్, జపనీస్‌లకు ఉమ్మడిగా ఉన్న చాలా అక్షరాలకు కంప్యూటర్‌లో కోడ్ ఒకటే. ఫాంటును బట్టి గీతలు మారతాయి. జపనీస్ కార్డును చైనీస్ ఫాంటులో కొడితే మనకు తేడా తెలియదు, జపాన్‌వాడికి మొదటి చూపులోనే తెలుస్తుంది. చైనా ప్రధాన భూభాగానికి సరళ లిపి కావాలి, తైవాన్, హాంకాంగ్‌లకు సంప్రదాయ లిపి. ఫాంటులో లేని అక్షరం ఖాళీ డబ్బాగా పడుతుంది. ప్రూఫును ఆ భాష చదివే మనిషి చూడకుండా అచ్చుకు ఒప్పుకోకండి. ఆ మనిషిని అనువాదం బాగుందా అని అడగకండి. ఈ కార్డున్నవాడు రేటు ఒప్పుకోగలడా, కాంట్రాక్టు మీద సంతకం పెట్టగలడా, నాణ్యత ఫిర్యాదుకు జవాబు చెప్పగలడా అని అడగండి. అవునో కాదో చెప్పిన తర్వాత, ఆ జవాబులు మీ సంస్థలోని నిజంతో కలిస్తేనే అచ్చుకు పంపండి.

సంఘాల బాధ్యులకు నా విన్నపం. ఈ పనిని ఒక్కొక్క సంస్థా విడివిడిగా మొదటి నుంచి చేయాల్సిన అవసరం ఏముంది? మన ప్లాంటుల్లో వాడే హోదాలు ఇరవై ముప్పై మించవు. ఎండీ, మేనేజింగ్ పార్ట్‌నర్, ప్రొప్రైటర్, జనరల్ మేనేజర్, టెక్నాలజిస్ట్, ఎక్స్‌పోర్ట్ మేనేజర్, డాక్యుమెంటేషన్ ఇంచార్జి లాంటివే అన్నీ. ప్రతి హోదాకూ పక్కన ఆ మనిషి చేసే పనేమిటో, సంతకాధికారం ఉందో లేదో తెలుగులో రాసి, దాని ఆధారంగా చైనీస్, జపనీస్, కొరియన్ మాటలు ఆ దేశాల వ్యాపారం తెలిసినవారితో ఒకసారి ఖాయం చేయించి సభ్యులందరికీ పంచండి. ఎంపెడాతో కలిసి విదేశీ ప్రదర్శనలకు బృందాలను పంపేటప్పుడు ఆ జాబితాతో కార్డులు సరిచూశాకే స్టాలులో కూర్చోబెట్టండి. సొంత ప్లాంటు ఉన్న ఎగుమతిదారా, ఇతరుల ప్లాంటులో సరుకు తయారు చేయించే మర్చంట్ ఎగుమతిదారా అన్నది కూడా కార్డు మీద స్పష్టంగా ఉండాలని నియమం పెట్టండి. ఎంపెడా రిజిస్ట్రేషన్‌లో మీరు చెప్పుకున్న తేడాను కొనుగోలుదారు ముందు దాచడమెందుకు?

ఒక బేరం చెడిపోతే మీకు పోయేది ఒక కొనుగోలుదారు. కంటైనర్ కదలకపోతే కోల్డ్ స్టోరేజీ నిండుతుంది, ప్లాంటు కొనుగోలు తగ్గిస్తుంది, ఆ సాయంత్రమే వంద కౌంట్ రేటు పడుతుంది. ఉండిలో, మలికిపురంలో, ముమ్మిడివరంలో పట్టుబడికి సిద్ధమైన రైతు రొయ్యను చెరువులోనే ఉంచి రోజులు లెక్కపెట్టలేడు. విదేశీ మార్కెట్లు పెంచుతామని ఆ రైతుకు మాట ఇచ్చింది మీరు. తర్వాతి ప్రదర్శనకు టికెట్లు కొనేలోపు మీ సంస్థలో ప్రతి కార్డు వెనకవైపునూ చదివించండి, సంఘం సమావేశంలో ఈ జాబితా సంగతి తీర్మానానికి పెట్టండి. మీ కార్డు మీద ఉన్న హోదాకు మీ సంతకం నిలబడుతుందని ఎంతమంది చెప్పగలరో, ఆ సమావేశంలోనే ఒకరినొకరు అడగండి.

ఇట్లు,
మీ ఎగుమతి పత్రాలు అనువదించే ఒక రాజమండ్రి అనువాదకుడు